కలిసి వచ్చిన మర్నాడు రాసే మెయిల్

పెద్ద పదవికి పిలిచిన అభ్యర్థి కంపెనీ నాయకత్వ బృందాన్ని కలిసి వెళ్లాక లోపల మొదలయ్యే పని బయటివాళ్లకు పెద్దగా కనిపించదు. హెచ్‌ఆర్ అధిపతి ఒక్కొక్కరి గదికీ వెళ్లి అభిప్రాయం అడుగుతారు. ఎండీ, సీఎఫ్‌ఓ వేరే పని మీద కలిసినప్పుడు కూడా ఆ పేరు మళ్లీ ప్రస్తావనకు వస్తుంది. అభ్యర్థిని వెతికి తెచ్చిన సెర్చ్ సంస్థ కన్సల్టెంట్ అటు కంపెనీతోనూ ఇటు అభ్యర్థితోనూ ఫోన్లో మాట్లాడి, ఎవరికి ఏం నచ్చిందో, ఎక్కడ సందేహం మిగిలిందో రాసుకుంటారు. లిస్టెడ్ కంపెనీ అయితే నామినేషన్ అండ్ రెమ్యూనరేషన్ కమిటీ కూడా ఉంటుంది. సీనియర్ మేనేజ్‌మెంట్‌కు తగినవారిని గుర్తించే బాధ్యతను 2013 కంపెనీల చట్టంలోని 178వ సెక్షన్ ఆ కమిటీకి అప్పగించింది. ఈ మాటలన్నీ నడుస్తుండగానే అభ్యర్థి దగ్గర నుంచి ఒక మెయిల్ వస్తుంది. ఫాలో అప్ మెయిల్ అని దీన్నే అంటారు.

ఉద్యోగంలో కొత్తగా చేరబోయే కుర్రాడు రాసే మెయిల్‌లో ధన్యవాదాలు, ఆసక్తి, ఫోన్ నంబరు ఉంటే చాలు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు అది సరిపోదు. వాళ్ల మెయిల్ చదివేది రేపు వాళ్లతో ఒకే బల్ల చుట్టూ కూర్చోబోయే మనుషులు. ఈ నియామకంతో తన అధికారం కొంత తగ్గుతుందని లోలోపల అనుకునేవారు ఆ ఐదుగురిలో ఒకరైనా ఉండవచ్చు. కొత్తగా వచ్చే వ్యక్తి తన పక్షాన నిలుస్తాడా లేదా అని ఇంకొకరు చూస్తుంటారు. సమావేశంలో మాటకారితనం చాలా లోపాలను కప్పేస్తుంది. మెయిల్‌లో ఆ అవకాశం లేదు. ఈ మనిషి రేపు మనకు ఎలాంటి నోట్‌లు రాస్తాడో చూపే మొదటి నమూనా అదే. అందుకే అందులో ఏముందన్న దానితో సమానంగా ఎంత ఉంది, ఏ గొంతుతో ఉంది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి.

దీన్ని ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. విశాఖపట్నం దగ్గరి పరవాడ ఫార్మా సిటీలో ఇంజెక్షన్ మందులు తయారుచేసే ప్లాంటు ఒకటి ఉంది. దాని ఆపరేషన్స్ అధిపతిని, హైదరాబాద్ శివార్లలోని పాశమైలారంలో అలాంటి ప్లాంటే ఉన్న మరో సంస్థ సీఓఓ పదవి కోసం పిలిచింది. రెండోది కుటుంబ సంస్థ. స్థాపించిన పెద్దాయన ఛైర్మన్, ఆయన కూతురు ఎండీ. అభ్యర్థి ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఐదుగురిని కలిశారు.

ఎండీ గారి బాధంతా ఆర్డర్ల ఆలస్యం గురించి. ఫిల్లింగ్ లైన్ సామర్థ్యం చాలడం లేదా, లోపం ఇంకెక్కడైనా ఉందా అన్నది ఆమెకు తేలడం లేదు. కొత్త లైన్ కొనాలా అని ఆమె సూటిగా అడిగితే, అభ్యర్థి కొనాలనే చెప్పారు. పాత ప్లాంటులో ఒక వయల్ సైజు నుంచి మరో సైజుకు లైన్‌ను మార్చే సమయాన్ని బాగా తగ్గించానని కూడా ఆయన చెప్పుకున్నారు. దానికి ఎంత ఖర్చయిందని సీఎఫ్‌ఓ అడిగితే, శిక్షణతోనే సాధించామని, పెద్దగా ఖర్చు కాలేదని జవాబిచ్చారు. క్వాలిటీ అధిపతి తలుపు వేసి మనసులో మాట చెప్పారు. నెలాఖరు వచ్చేసరికి బ్యాచ్‌లు వదలమని ప్రొడక్షన్ వాళ్లు ఒత్తిడి తెస్తున్నారని, కొత్త సీఓఓ ఎవరి పక్షాన ఉంటారో తెలుసుకోవాలని ఆమె అడిగారు. భోజనం దగ్గర ఛైర్మన్ రెండో ప్లాంటు కోసం ఒక చోట భూమి చూస్తున్నామన్నారు. కుటుంబం హైదరాబాద్ రావడానికి ఇష్టపడుతుందా అని కూడా వాకబు చేశారు. నిర్ణయానికి పది రోజులు పడుతుందని, ఆ తర్వాత రిఫరెన్సులు తీసుకుంటామని హెచ్‌ఆర్ అధిపతి చెప్పారు.

ఆ రాత్రే అభ్యర్థి ఒక మెయిల్ తయారుచేశారు. ఎనిమిది వందల మాటలు, ఐదుగురికీ ఒకటే మెయిల్, దానికి తోడు పద్నాలుగు స్లైడ్ల ప్రెజెంటేషన్. మొదటి రెండు పేరాల్లో తన ఉద్యోగ చరిత్ర. మూడో పేరాలో ఈ పదవికి తనకంటే తగినవారు దొరకరన్న వాదన. తర్వాత మొదటి వంద రోజుల ప్రణాళిక: కొత్త లైన్ కొనుగోలు, ప్రొడక్షన్ బృందంలో మార్పులు, క్వాలిటీకి ప్రొడక్షన్‌కు మధ్య ఉన్న ఉద్రిక్తత పరిష్కారం, రెండో ప్లాంటుకు ఆపరేషన్స్ ప్రణాళిక. చివర్లో జీతం విషయంలో తాను పట్టువిడుపులతో ఉంటానన్న హామీ.

రాసిన ఆయనకు ఇది ఉత్సాహంగా, సమగ్రంగా అనిపించి ఉంటుంది. అందుకున్న ఐదుగురి వైపు నుంచి చూస్తే బొమ్మ మారిపోతుంది. తలుపు వేసుకుని తాను చెప్పిన మాట ఛైర్మన్ కళ్ల ముందుకు వెళ్లిందని క్వాలిటీ అధిపతి గుర్తిస్తారు. ఈ మనిషికి ఇక మనసు విప్పి చెప్పకూడదని ఆమె ఆ నిమిషమే నిర్ణయించుకుంటారు. భోజనం దగ్గర ఇంటివాళ్లలా మాట్లాడుకున్న భూమి సంగతి లిఖితపూర్వకంగా ఐదు మెయిల్ బాక్సుల్లోకి చేరిందని ఛైర్మన్ చూస్తారు. కొత్త లైన్ అంటే కోట్ల రూపాయల పెట్టుబడి. దాన్ని ప్లాంటు లాగ్ పుస్తకం కూడా తెరవకుండా ఎలా సిఫారసు చేస్తున్నారని సీఎఫ్‌ఓకు అనుమానం వస్తుంది. ఎవరూ అడగకుండానే జీతం ప్రస్తావన ఎందుకొచ్చిందని హెచ్‌ఆర్ అధిపతి ఆలోచనలో పడతారు. ఎండీ గారు దాన్ని ఫోన్లో తెరిచి, రెండు వేళ్లతో కిందికి జరుపుతూ పోయి, తన ప్రశ్నకు జవాబు ఏ పేరాలో ఉందో దొరక్క మూసేస్తారు.

ఇందులో అన్నిటికంటే పెద్ద తప్పు నిడివి కాదు. ఒకరి గదిలో విన్నదాన్ని ఇంకొకరి గదిలోకి మోసుకెళ్లడం అంతకంటే పెద్ద తప్పు. నాయకత్వ బృందంలోని ఒక్కొక్కరితో విడివిడిగా కూర్చున్నప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో మేరకు మనసు విప్పుతారు. ఎవరు ఏం చెప్పారో గుర్తుంచుకోవాలి, ఎవరి మాట వారి దగ్గరే ఉంచాలి. సీనియర్ పదవుల్లో చాలామంది అభ్యర్థులు తప్పటడుగు వేసేది ఇక్కడే. అయిదు గంటలపాటు అందరినీ శ్రద్ధగా విన్నానని చూపించాలన్న ఆత్రంలో విన్నవన్నీ రాసేస్తారు. ఆ శ్రద్ధను రుజువు చేయడానికి ఒక్క అంశం చాలు, అదీ ఎవరు లేవనెత్తారో వారికే రాసినప్పుడు.

సెర్చ్ కన్సల్టెంట్ సలహాతో మన అభ్యర్థి ఆ మెయిల్ పంపకుండా ఆగారనుకుందాం. మర్నాడు ఉదయం కూర్చుని మళ్లీ రాశారు. ఈసారి అసలు మెయిల్ ఒక్కరికే, ఆ పదవి ఎవరి కింద పనిచేస్తుందో ఆ ఎండీ గారికే. ఇలాంటి మెయిళ్లు సాధారణంగా ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి. దాని సారాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

“నిన్న మీరూ మీ బృందమూ ఇచ్చిన సమయానికి ధన్యవాదాలు.

కొత్త ఫిల్లింగ్ లైన్ కొనాలా అని మీరు అడిగినప్పుడు కొనాలని వెంటనే చెప్పాను. తిరుగు ప్రయాణంలో ఆలోచిస్తే అది తొందరపడి ఇచ్చిన జవాబు అనిపించింది. నేను చూసిన ప్లాంట్లలో సమయం ఎక్కువగా పోయింది లైన్ నడుస్తున్నప్పుడు కాదు, ఆగి ఉన్నప్పుడు. ఒక సైజు నుంచి ఇంకో సైజుకు మారేటప్పుడు కొంత, బ్యాచ్ రికార్డుల పరిశీలన కోసం ఎదురుచూసేటప్పుడు కొంత. మీ దగ్గర ఏది ఎక్కువో లైన్ లాగ్ చూడకుండా నేను చెప్పలేను. ఎదురుచూపులే ఎక్కువైతే కొత్త లైన్ కూడా అలాగే ఆగి ఉంటుంది.

కొనుగోళ్ల విభాగం సీఓఓ కింద ఉంటుందా, సీఎఫ్‌ఓ కింద ఉంటుందా అన్నది నిన్న తేలలేదు. తర్వాత కలిసినప్పుడు దాని గురించి కాస్త మాట్లాడుకుంటే మంచిదని నా అభిప్రాయం. ఈ బాధ్యత మీద నా ఆసక్తి నిన్నటి సంభాషణతో పెరిగింది.”

అంతే. ఇంగ్లిష్‌లో రాస్తే ఇది నూట యాభై, నూట ఎనభై మాటల మధ్య ఉంటుంది. చదవడానికి ఒక నిమిషం. ఫోన్ తెర మీద రెండుసార్లు వేలు కదిపితే అయిపోతుంది. ఇందులో ఉద్యోగ చరిత్ర లేదు, ఎందుకంటే అది ఆమె దగ్గర ఇప్పటికే ఉంది. పొగడ్త లేదు. ఆమె ప్రశ్నే మధ్యలో ఉంది. ఆ ప్రశ్నకు నిన్నటి కంటే మెరుగైన ఆలోచన ఉంది, తనకు తెలియనిదేమిటో స్పష్టంగా ఉంది. తాను చెప్పినదాన్ని తానే సరిదిద్దుకోవడంలో తడబాటు కనిపించదు. సొంత జవాబును మళ్లీ పరీక్షించుకునే మనిషి చేతికే కోట్ల కొనుగోళ్ల నిర్ణయాన్ని అప్పగించాలని ఏ ఎండీ అయినా కోరుకుంటారు.

కొనుగోళ్ల విభాగం ఎవరి కింద అన్న వాక్యాన్ని కూడా గమనించాలి. చిన్న ఉద్యోగానికి వచ్చినవాళ్లు ఇలా అడిగితే దురుసుగా తోస్తుంది. సీఓఓ అడగకపోతేనే లోపం. అధికారం ఎంతవరకో తేల్చుకోకుండా పెద్ద బాధ్యత ఒప్పుకునే మనిషి తర్వాత ఆరు నెలలు సరిహద్దుల గొడవల్లోనే గడుపుతారు. అయితే ఆ ప్రశ్నకు మెయిల్‌లో జవాబు కోరకుండా, తర్వాతి సమావేశానికి వదిలేయడంలోనే నేర్పు ఉంది. లిఖితపూర్వకంగా జవాబు అడిగితే అవతలివాళ్లు ఇంకా తేల్చుకోని విషయం మీద వాళ్లను ఇరుకున పెట్టినట్టవుతుంది.

మిగిలిన నలుగురికి ఏం రాయాలి? సీఎఫ్‌ఓకు రాయాల్సింది తప్పనిసరిగా ఉంది. సైజు మార్పిడి సమయం తగ్గడానికి శిక్షణ ఒక్కటే కారణం కాదు. అభ్యర్థి పాత ప్లాంటులో రెండో సెట్ చేంజ్ పార్టులు కూడా కొన్నారు. ఒక సెట్ లైన్ మీద ఉండగానే ఇంకో సెట్‌ను శుభ్రం చేసి, స్టెరిలైజ్ చేసి సిద్ధంగా ఉంచగలిగారు. సమయం తగ్గడంలో పెద్ద వాటా దానిదే. సమావేశంలో ఖర్చు కాలేదనడం పూర్తి నిజం కాదు. రిఫరెన్సుల కోసం ఫోన్ చేసినప్పుడు పాత సహోద్యోగి ఎవరైనా యథాలాపంగా ఈ సంగతి చెబితే, చిన్న తేడా కాస్తా నిజాయితీ ప్రశ్న అయి కూర్చుంటుంది. అందుకే మూడు వాక్యాల్లో తేల్చేయాలి: నిన్న మీరు ఖర్చు గురించి అడిగినప్పుడు నా జవాబు అసంపూర్ణం, రెండో సెట్ పార్టులు కొన్నాం, శిక్షణ వల్ల వచ్చింది కొంతే. పాత కంపెనీ ఆ పార్టులకు ఎంత చెల్లించిందన్నది మాత్రం రాయకూడదు. అది ఆయన సొంత సమాచారం కాదు. ఈరోజు ఒక కంపెనీ అంకెలు బయటపెట్టిన మనిషి రేపు మన అంకెలు కూడా బయటపెడతాడని చదివేవారు లెక్క వేసుకుంటారు.

క్వాలిటీ అధిపతికి రాసే మెయిల్ ఇంకా చిన్నది, రాయడం మాత్రం ఇంకా కష్టం. ఆమె చెప్పిన ఒత్తిడిని అక్షరాల్లో పెట్టకూడదు. ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు ఇవ్వాలి. అమెరికాకు మందులు పంపే ప్లాంట్లలో బ్యాచ్‌ను ఆమోదించే, తిరస్కరించే అధికారం క్వాలిటీ విభాగానిదని ఆ దేశపు నిబంధనలే చెబుతున్నాయి. యూఎస్ఎఫ్‌డీఏ తనిఖీ ముగిశాక ఫారం 483లో లోపాలు నమోదైతే, పదిహేను పని దినాల్లోపు కంపెనీ జవాబు పంపడం ఆనవాయితీ. ఆ పదిహేను రోజులూ క్వాలిటీ వాళ్లకు నిద్ర ఉండదు. ప్లాంటు నడిపిన అభ్యర్థికి ఇదంతా తెలుసు. కానీ నిబంధనల పాఠం ఆమెకు వద్దు. “బ్యాచ్ విడుదల నిర్ణయం క్వాలిటీదే. నెలాఖరు లక్ష్యం తప్పితే దానికి జవాబు చెప్పాల్సింది ఆపరేషన్స్ అధిపతి. నేను ఇన్నాళ్లూ అలాగే పనిచేశాను” అన్న మూడు వాక్యాలు ఆమెకు కావలసినదంతా చెబుతాయి. దాన్ని ఆమె ఎవరికి ఫార్వర్డ్ చేసినా ఎవరికీ ఇబ్బంది రాదు. రాసినదాన్ని పంపే ముందు ఈ పరీక్ష పెట్టుకోవడం అవసరం, ఎందుకంటే సీనియర్ నియామకాల్లో మెయిళ్లు ఫార్వర్డ్ అవుతూనే ఉంటాయి. ఐదుగురికీ అక్షరం మార్చకుండా ఒకే మెయిల్ విడివిడిగా పంపిన అభ్యర్థి కూడా అప్పుడే దొరికిపోతారు.

ఛైర్మన్ గారికి నాలుగు పంక్తులు చాలు. భూమి మాట అందులో ఉండకూడదు. కుటుంబం గురించి ఆయన అడిగిన ప్రశ్నకు ఇంట్లో మాట్లాడాక వచ్చిన నిజమైన జవాబు ఉండాలి: పిల్లల చదువు దృష్ట్యా ఫలానా నెల తర్వాత మారగలమనో, మొదటి కొన్ని నెలలు ఒక్కడినే వచ్చి ఉంటాననో. పెద్ద వయసు వ్యవస్థాపకులకు ఇది మర్యాద కోసం అడిగే ప్రశ్న కాదు. ఇల్లు విశాఖలో, ఉద్యోగం హైదరాబాద్‌లో ఉంటే మనిషి ఎన్నాళ్లు నిలుస్తాడన్నది వాళ్ల అసలు బెంగ. హెచ్‌ఆర్ అధిపతికి రిఫరెన్సుల పేర్లు ఎప్పటిలోగా పంపుతారో చెబుతూ, సమావేశాల ఏర్పాటుకు కృతజ్ఞతలు తెలిపితే ఆ పని పూర్తయినట్టే.

ఇంత చిన్నగా రాస్తే శ్రద్ధ లేదనుకోరా అన్న భయం మన దగ్గర బలంగా ఉంది. పెద్దవాళ్లకు రాసే ఉత్తరం నిండుగా ఉండాలని, ఖాళీ వదిలితే అవమానమని పెరిగిన తరం ఇది. కానీ పై స్థాయిలో చదివేవాళ్ల సమయమే అసలు కొరత. 1940 ఆగస్టు 9న, బ్రిటన్ మీద జర్మనీ విమానదాడులు సాగుతున్న రోజుల్లో, విన్‌స్టన్ చర్చిల్ తన యుద్ధ మంత్రివర్గానికీ అధికారులకూ క్లుప్తత గురించే ఒక నోట్ పంపాడు. ముఖ్యాంశాలను చిన్న చిన్న పేరాల్లో పెట్టమని, వివరమైన విశ్లేషణ, గణాంకాలు ఉంటే అనుబంధంలోకి మార్చమని కోరాడు. మన విషయంలో పనికొచ్చేది ఆ అనుబంధం ఆలోచనే. వంద రోజుల ప్రణాళికను ఎవరైనా అడిగితే అది వేరే పత్రంగా, ఒకటి రెండు పేజీల్లో వెళ్లాలి. మెయిల్ మాత్రం మెయిల్‌గానే ఉండాలి. అడగకపోతే ఆ పత్రం అసలు వెళ్లకూడదు. ఒక్క రోజు మాటలు విని కంపెనీ జబ్బు కనిపెట్టేశానని చెప్పే డాక్టరును ఎవరూ నమ్మరు.

నిడివికి ఆ సంస్థ చదివే అలవాటుతోనూ సంబంధం ఉంది. ప్రాక్టర్ అండ్ గాంబుల్‌లో ఒక్క పేజీ మెమో పాత సంప్రదాయం. అమెజాన్‌లో జెఫ్ బెజోస్ 2004లో సీనియర్ సమావేశాల నుంచి పవర్‌పాయింట్ తీసేయించాడు. స్లైడ్ల స్థానంలో ఆరు పేజీల వచన పత్రాలు వచ్చాయి. సమావేశం మొదట్లో అందరూ మౌనంగా కూర్చుని వాటిని చదువుతారు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో 2019లో ఆ కంపెనీ భారీ ప్రాంగణం తెరిచాక, మన దగ్గరా ఆ పద్ధతిలో రాయడం నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. అలాంటి సంస్థకు రాసే అభ్యర్థి ఒక వాదనను మరో పేరా పెంచి వివరించినా చదువుతారు. అక్కడ బుల్లెట్ పాయింట్ల కంటే పూర్తి వాక్యాలకే విలువ. అయినా ఆరు పేజీలు రాయాలన్నది అక్కడి సమావేశాల నియమం, ఫాలో అప్ మెయిల్ నియమం కాదు. వాళ్లకైనా ఇది ఒక తెరలోనో తెరన్నరలోనో ముగియాలి.

గొంతు విషయానికి వస్తే మన అభ్యర్థుల్లో కనిపించే మొదటి చిక్కు అతి వినయం. “రెస్పెక్టెడ్ సర్”తో మొదలై, నా వంటి వాడికి ఇంత సమయం కేటాయించారంటూ సాగి, మీ దయతో అని ముగుస్తుంది. సర్కారు దఫ్తర్లకు అర్జీలు రాసిన కాలం మన ఇంగ్లిష్‌కు అంటించిన మరక ఇది. ఎనిమిది వందల మందిని నడిపిన మనిషి అర్జీదారులా రాస్తే, చదివేవారు దాన్ని సంస్కారంగా తీసుకోరు. సీఎఫ్‌ఓకు ఎదురు చెప్పాల్సిన రోజున ఈయన చెప్పగలడా అని అనుమానిస్తారు. విదేశీ సంస్థల సామర్థ్య కేంద్రాలకు, అంటే జీసీసీలకు అధిపతులుగా వెళ్లేవారికి ఈ చిక్కు రెట్టింపు. అక్కడ మెయిల్ చదివేది తరచుగా అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న బృందం. సూటితనం అలవాటైన ఆ చదువరులకు మన వినయం అస్పష్టంగా తోస్తుంది.

దీనికి పూర్తి ఎదురు కొసన ఉన్నది ఇప్పటికే కుర్చీలో కూర్చున్నట్టు రాయడం. మన ప్లాంటు, మన బృందం, మనం మొదట చేయాల్సింది అంటూ సాగే మెయిల్ రాసినవాళ్లకు చొరవగా కనిపిస్తుంది. ప్రస్తుతం ఆ ప్లాంటు నడుపుతున్నవాళ్లకు అది ఆక్రమణలా వినిపిస్తుంది. ఆఫర్ కాగితం మీద సంతకం అయ్యేదాకా అది మీ ప్లాంటే, మీ బృందమే.

ఈ రెంటి మధ్య గొంతు ఎక్కడ ఉంటుందో సమావేశమే చెబుతుంది. నన్ను పేరుతోనే పిలవండి అని ఎండీ గారు గదిలో అంటే మెయిల్‌లోనూ పేరుతోనే మొదలుపెట్టాలి. ఛైర్మన్ గారిని రోజంతా అందరూ సార్ అన్నారంటే, మెయిల్‌లో ఉన్నట్టుండి ఆయన్ను మొదటి పేరుతో సంబోధించకూడదు. గదిలో వినిపించిన మర్యాదకు ఒక మెట్టు పైకీ వద్దు, కిందికీ వద్దు. ఇంకో గుర్తు కూడా ఉంది. రాసింది మళ్లీ చదివి, కంపెనీ పేరు, మనుషుల పేర్లు మార్చి వేరే కంపెనీకి పంపగలమా అని చూడాలి. పంపగలిగితే అందులో గొంతే లేదని అర్థం. ఫిల్లింగ్ లైన్ ఆగి ఉండే సమయం గురించి రాసిన మెయిల్‌ను సిమెంటు కంపెనీకి పంపలేం.

లిస్టెడ్ కంపెనీ అయితే ఇంకో జాగ్రత్త కూడా ఉంది. సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల్లో, షేరు ధరను ప్రభావితం చేసే బయటపడని సమాచారానికి ఉదాహరణలుగా కంపెనీల కొనుగోళ్లు, వ్యాపార విస్తరణ, కీలక యాజమాన్య పదవుల్లో మార్పులు ఉన్నాయి. రెండో ప్లాంటు మాటను మెయిల్లో రాయకపోవడం అక్కడ మర్యాదకు మించిన విషయం. తాను సీఎఫ్‌ఓ పదవికో సీఈఓ పదవికో పరిశీలనలో ఉన్నానన్న సంగతి కూడా నలుగురి చెవిన పడకూడనిదే. మెయిల్ సొంత ఖాతా నుంచే వెళ్లాలి. ప్రస్తుత యజమాని ఇచ్చిన ఖాతా నుంచి పంపితే దాన్ని చూసే హక్కు ఆ యజమానికి ఉండవచ్చు. చూసే రోజు వస్తే ఉన్న ఉద్యోగం కూడా చిక్కుల్లో పడుతుంది. డైరెక్టర్లను లింక్డ్‌ఇన్‌లో వెతికి పట్టుకుని సందేశాలు పంపడం ఇంకా పెద్ద పొరపాటు. వాళ్ల మెయిల్ చిరునామా కంపెనీయే ఇవ్వకపోతే, రాయాల్సింది కన్సల్టెంట్ ద్వారానో హెచ్‌ఆర్ ద్వారానో చేరాలి.

కన్సల్టెంట్‌కు ఇంకో కారణం వల్ల కూడా ముందే చెప్పాలి. కోర్న్ ఫెర్రీ, ఎగాన్ జెండర్ లాంటి సెర్చ్ సంస్థలకు ఫీజు ఇచ్చేది కంపెనీయే. అందుకే వాళ్లకు కంపెనీ లోపలి గాలి ఎటు వీస్తోందో అభ్యర్థికంటే ముందే తెలుస్తుంది. కొత్త లైన్ మీద మీ జవాబు సీఎఫ్‌ఓకు మింగుడు పడలేదని కన్సల్టెంట్ ఒక్క మాట అంటే, మెయిల్‌లో ఏ ప్రశ్నకు చోటివ్వాలో తేలిపోతుంది. మన అభ్యర్థికి జరిగింది అదే. సమావేశం రోజు సాయంత్రం ఆ మాట మాట్లాడి, రాత్రి గడిచాక మర్నాడు ఉదయం మెయిల్ పంపడం మంచి వరస. గంటలోపే పంపితే ముందే రాసి పెట్టుకున్నట్టు ఉంటుంది. మూడు రోజులు దాటితే అభిప్రాయాలు అప్పటికే నమోదై ఉంటాయి.

మెయిల్‌కు జవాబు రాకపోతే కంగారు పడనక్కరలేదు. పెద్ద పదవుల నియామకాల్లో చాలామంది నాయకులు ఉద్దేశపూర్వకంగానే జవాబివ్వరు. మీతో పనిచేయాలని ఉందని ఎండీ గారు రాస్తే దాన్ని హామీగా తీసుకునే ప్రమాదం ఉంటుంది. చెప్పిన పది రోజులు దాటాక రెండు మూడు రోజులు ఆగి, ఒక్కసారి, కన్సల్టెంట్‌ను మాత్రమే అడగాలి. ఐదుగురికీ గుర్తు చేస్తూ మళ్లీ రాయడం మొదటి మెయిల్ సంపాదించిన గౌరవాన్ని కరిగిస్తుంది.

ఒక్కోసారి సమావేశం అయ్యాక అభ్యర్థికే ఈ బాధ్యత వద్దనిపిస్తుంది. కొనుగోళ్ల విభాగం తన చేతిలో లేకుండా ఆర్డర్ల ఆలస్యానికి తానే జవాబు చెప్పాలంటే కుదరదని తేలవచ్చు. అప్పుడు ముందు కన్సల్టెంట్‌కు ఫోన్ చేసి చెప్పాలి. ఆ తర్వాతే ఎండీ గారికి మూడు వాక్యాల మెయిల్: ఆలోచించాను, ఈ దశలో ముందుకు వెళ్లలేను, మీరు చూపిన నిష్కపటత్వానికి కృతజ్ఞుణ్ని. ఎందుకు వద్దన్నారో వాళ్లు ఫోన్ చేసి అడిగితే అప్పుడు వివరించవచ్చు. అడగకపోతే ఆ కారణాలు మెయిల్లో పెట్టడం అనవసరం. ఫార్మా రంగంలో పాశమైలారానికీ పరవాడకూ మధ్య మనుషులు తిరుగుతూనే ఉంటారు. రెండేళ్ల తర్వాత ఇదే ఎండీ గారు ఇంకో బల్ల దగ్గర ఎదురవ్వవచ్చు. అప్పటికి కొనుగోళ్ల విభాగం ఎవరి కింద ఉండాలో ఆ కంపెనీ తేల్చుకునీ ఉండవచ్చు.